చెంచా అడుగున మిగిలిపోయే మందు

మా మందుల షాపుకు ఒక సాయంత్రం ఒకావిడ ఖాళీ స్ట్రిప్ పట్టుకుని వచ్చింది. రెండేళ్ల బాబుకు డాక్టరు రాసిన యాంటీబయాటిక్ మాత్రలవి. పేరు చివర డీటీ అని ఉంది, అంటే నీళ్లలో వేసి ఇచ్చే డిస్పర్సిబుల్ టాబ్లెట్.

"మూడు రోజులైంది అన్నా, జ్వరం తగ్గలేదు. ఈ మందు పనిచేయడం లేదు."

"ఎలా ఇస్తున్నావమ్మా?"

"పాలసీసాలో వేసి బాగా ఊపి ఇస్తున్నాను. సగం తాగి పడుకుంటున్నాడు."

"సీసా అడుగున ఏమైనా మిగులుతోందా?"

"తెల్లగా మడ్డిలా ఉంటుంది. కడిగేస్తున్నాను."

ఆ తెల్లటి మడ్డిలోనే మందు ఉంది. బిడ్డ కడుపులోకి వెళ్లినది ఎంతో, కుళాయి కింద కొట్టుకుపోయినది ఎంతో ఎవరూ చెప్పలేరు. మూడు రోజులైనా జ్వరం తగ్గలేదు కాబట్టి, మాత్రలు ఎలా ఇచ్చిందో కూడా చెప్పమని ఆవిడను అదే రోజు తిరిగి డాక్టరు దగ్గరికి పంపాను. ఆ ముక్క చెప్పకపోతే మందు పనిచేయలేదనుకుని డాక్టరు ఇంకా గట్టి మందు రాసే అవకాశం ఉంది.

ఈ చిక్కులో తల్లి తప్పు కన్నా మాట తప్పు ఎక్కువ. "నీళ్లలో కరిగించి ఇవ్వండి" అని మేమే చెబుతాం. కరగడం అనగానే ఎవరికైనా చక్కెర గుర్తుకొస్తుంది. చక్కెర కరిగాక పై గుక్కలోనూ అడుగు గుక్కలోనూ తీపి ఒకటే. డీటీ అని రాసి ఉన్న మాత్రల్లో చాలావాటి సంగతి అది కాదు. అవి నీళ్లలో కరగవు, చెదురుతాయి. రాగి పిండిని చల్లనీళ్లలో కలిపి రెండు నిమిషాలు పక్కన పెడితే ఏమవుతుందో వంటింట్లో మసలే ప్రతివారికీ తెలుసు. పైన తేట, అడుగున పిండి. అందుకే మరిగే ఎసట్లో పోసేముందు ఇంకోసారి కలుపుతారు. పిల్లల యాంటీబయాటిక్ మాత్ర నీళ్లలో పడ్డాక జరిగేది సరిగ్గా ఇదే. ఈ తేడా పట్టుబడితే ఎంత నీళ్లు పోయాలి, ఎప్పుడు తాగించాలి, గిన్నె ఎందుకు కడిగి పట్టాలి అన్నవి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతాయి.

మాత్ర అలా చెదరడానికి కారణం అందులో కలిపే కొన్ని పొడులు. క్రాస్‌పోవిడోన్, సోడియం స్టార్చ్ గ్లైకోలేట్ వంటివి నీళ్లు తగలగానే అటుకుల్లా ఉబ్బి, గట్టిగా అదిమి చేసిన మాత్రను లోపలి నుంచి పగలగొడతాయి. ఔషధ ప్రమాణాల ప్రకారం ఇలాంటి మాత్ర మామూలు నీళ్లలో 3 నిమిషాల లోపు పూర్తిగా విడిపోవాలి. అంతేకాదు, రెండు మాత్రలను 100 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి కలిపితే ఆ నీళ్లు 710 మైక్రాన్ల రంధ్రాలున్న జల్లెడ గుండా జారిపోవాలి. అంటే ముప్పావు మిల్లీమీటరు కన్నా పెద్ద పలుకు మిగలకూడదు. గమనించండి, పరీక్ష పలుకు సైజుకే. మందు నీటిలో కలిసి మాయమైందా లేదా అన్నది ఈ పరీక్షలో లేదు.

ఇక చేతిలోకి మాత్ర తీసుకుందాం. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఆశా కార్యకర్త ఓఆర్ఎస్ పొట్లాలతో పాటు ఇచ్చే 20 మిల్లీగ్రాముల జింకు మాత్ర మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. విరేచనాలకు జింకు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో కలిసి సూచించాయి. మన దేశంలో ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు ఒక మాత్ర, రెండు నుంచి ఆరు నెలల పిల్లలకు అర మాత్ర, 14 రోజులు ఇస్తారు. విరేచనాలు మూడో రోజే ఆగినా మాత్ర ఆపకూడదు. ఆ తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్లీ విరేచనాలు పట్టుకోకుండా కొంత కాపు కాసేది ఈ పూర్తి కోర్సే.

ఏడాది పాపకు ఇస్తున్నామనుకోండి. ముందు చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకోవాలి. తడి వేలితో పట్టుకుంటే మాత్ర వేలికే అంటుకుని పొడి రాలుతుంది. శుభ్రమైన టీస్పూను, అంటే సుమారు 5 మిల్లీలీటర్లు పట్టేది తీసుకుని, మాత్ర అందులో పెట్టి, కాచి చల్లార్చిన నీళ్లు మెల్లగా పోయాలి. అంచు దాకా నింపితే దారిలోనే ఒలుకుతుంది, కొంచెం తక్కువగానే పోయండి. వేలు పెట్టి నలపనవసరం లేదు. చూస్తూ ఉంటే మాత్ర అంచులు మెత్తబడి, నడుమ చీలి, నిమిషం లోపే కూలిపోతుంది. చెంచాను అటూ ఇటూ కొద్దిగా వంచితే ముద్ద విడిపోయి నీళ్లు సమంగా తెల్లబడతాయి. వెంటనే పాప నోట్లో పోయాలి. తర్వాత అదే చెంచాలో ఇంకో నాలుగు చుక్కల నీళ్లు వేసి, తిప్పి, అదీ పట్టాలి. ఈ రెండో విడతను చాలామంది వదిలేస్తారు. చెంచాను వెలుతురుకు పట్టి చూడండి, అడుగున తెల్లటి పొర కనిపిస్తే డోసు ఇంకా పూర్తి కాలేదని అర్థం.

నిజానికి జింకు ఉప్పు నీళ్లలో కరిగే రకమే, మిగిలే పొరలో ఎక్కువ భాగం మాత్రకు ఆకారమిచ్చే పొడి. అయినా అలవాటు ఒకటే ఉండటం మంచిది. రేపు అదే చెంచాలో యాంటీబయాటిక్ పడినప్పుడు ఆ పొరే మందవుతుంది.

ఆరు నెలల లోపు బిడ్డకైతే నీళ్లకు బదులు తల్లిపాలు. చెంచాలోకో ఉగ్గుగిన్నెలోకో కాసిన్ని పాలు పిండి, అందులో అర మాత్ర వేసి ఇవ్వాలి. ఓఆర్ఎస్ ద్రావణం చెంచాడు తీసుకుని అందులో వేసినా ఫరవాలేదు. లీటరు ఓఆర్ఎస్ గిన్నెలో మాత్ర వేసి కలపడం మాత్రం పనికిరాదు. పిల్ల రోజంతా ఎంత తాగుతుందో ఎవరికి తెలుసు? జింకుకు నాలుక మీద ఇనుప రుచి ఉంటుంది, మాత్రలో వేసిన తీపి దాన్ని కొంతవరకే దాస్తుంది. లీటరు నీళ్లకూ ఆ రుచి అంటుకుంటే పిల్ల ఓఆర్ఎస్ కూడా మానేస్తుంది, అది అసలుకే ఎసరు. పాలసీసాకూ ఇదే లెక్క.

మింగిన అరగంట లోపు కక్కేస్తే జింకు విషయంలో ఇంకో మాత్ర ఇవ్వవచ్చు. మళ్లీ కక్కితే ఆ పూటకు వదిలి డాక్టరును అడగాలి. వేరే మందులకు ఈ సూత్రాన్ని సొంతంగా వర్తింపజేయకండి. మూర్ఛ మందో గుండె మందో అయితే రెండోసారి ఇవ్వాలా వద్దా అన్నది రాసిన డాక్టరే చెప్పాలి.

అర మాత్ర అన్నాం కదా, ఎక్కువ పొరపాట్లు జరిగేది అక్కడే. మాత్ర మీద నడుమ గీత ఉంటే పొడిగా ఉన్నప్పుడే ఆ గీత దగ్గర రెండు బొటనవేళ్లతో విరిచి, ఒక ముక్కను మాత్రమే నీళ్లలో వేయాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పూర్తి మాత్రను రెండు చెంచాల నీళ్లలో కలిపి, ఒక చెంచా పిల్లకు పట్టి, రెండోది రాత్రికి మూతపెట్టి ఉంచుతారు. రాగి పిండి సంగతి గుర్తు చేసుకోండి. పొద్దున పోసింది పై తేట అయితే పిల్లకు పావు డోసు కూడా అంది ఉండకపోవచ్చు, రాత్రి చెంచాలో దాదాపు రెండు రెట్లు పడవచ్చు. లెక్కకు రెండూ సగమే, కడుపుకు కాదు. పైగా తడిసిన మందు గంటల తరబడి చెడిపోకుండా ఉంటుందన్న హామీ లేదు. మిగిలిన అర ముక్కను స్ట్రిప్ గూటిలోనే పెట్టి, రేకు మడిచి, తేమ తగలని డబ్బాలో ఉంచి తర్వాతి డోసుకు వాడుకోవచ్చు. మెత్తబడినా, పొడి రాలుతున్నా, రంగు మారినా పారేయాలి. మాత్ర మీద గీత లేకపోతే విరవకముందే షాపులో అడగండి, అదే మందు తక్కువ మోతాదులో దొరకవచ్చు.

నీళ్లు ఎప్పుడూ చెంచాడే అనుకోకూడదు. పిల్లల క్షయకు ఇచ్చే మాత్రలో మూడు మందులు కలిసి ఉంటాయి, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్. బరువును బట్టి ఒకటి నుంచి నాలుగు మాత్రల దాకా ఒకేసారి పడతాయి. వాటికి 50 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి, కలిపిన 10 నిమిషాల లోపు తాగించేయాలి. నీళ్లు ఎర్రగా మారితే కంగారు పడనక్కరలేదు, అది రిఫాంపిసిన్ రంగు. కాబట్టి ఎంత నీళ్లన్నది ఆ మందుతో వచ్చే కాగితంలో చూసుకోవాలి. కాగితం ఏమీ చెప్పకపోతే ఒక్క మాత్రకు ఒకటి రెండు చెంచాలు సాధారణంగా సరిపోతాయి. నీళ్లు చల్లగానో గోరువెచ్చగానో ఉండాలి, వేడిగా ఉండకూడదు.

కలపడం ఒక ఎత్తు, పోయడం ఒక ఎత్తు. మా చిన్నతనంలో ఇంట్లో పెద్దవాళ్లు కాళ్లు చాపుకుని, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి మందు పోసేవారు. ఊపిరి కోసం బిడ్డ నోరు తెరుస్తుంది, మందు దిగుతుంది, పని అయిపోయిందనిపిస్తుంది. కానీ ఊపిరి పీల్చుకునే క్షణంలో నోట్లో నీళ్లుంటే అవి ఊపిరితిత్తుల దారి పడతాయి. ముక్కు మూయడం ఒక్కటి మానేస్తే చాలు, సగం ప్రమాదం పోతుంది. బిడ్డను ఒళ్లో తల కాస్త ఎత్తుగా ఉండేలా కూర్చోబెట్టుకుని, చెంచానో సూదిలేని సిరంజినో బుగ్గ లోపలి వైపు ఆనించి కొంచెం కొంచెంగా పోయాలి. మింగడం చూశాకే రెండో గుక్క. గొంతు నడుమ నేరుగా చిమ్మితే వాంతి ఖాయం. ఏడుపు పతాకస్థాయిలో ఉంటే ఒక నిమిషం ఆగండి. మందు అడుగున చేరుతుందన్న బెంగ అక్కరలేదు, పోసేముందు మళ్లీ ఒకసారి తిప్పితే సరి.

రెండో రకం నాలుక మీద పెట్టుకునే మాత్రలు. మన స్ట్రిప్పుల మీద వీటికి ఎండీ అనో ఓడీటీ అనో ఉంటుంది. వాంతులు ఆగడానికి రాసే ఆన్‌డాన్‌సెట్రాన్, మైగ్రేన్‌కు వాడే రైజాట్రిప్టాన్, మూర్ఛకో ఆందోళనకో రాసే క్లోనజిపామ్ ఈ రూపంలో దొరుకుతాయి. ఇక్కడ అపోహ ఇంకో రకం. నోట్లో కరిగింది కాబట్టి నోటి నుంచే రక్తంలోకి వెళ్లిపోతుందని, అందుకే తొందరగా పనిచేస్తుందని అనుకుంటారు. వీటిలో ఎక్కువ మందులు నోట్లో విడిపోతాయి అంతే, లాలాజలంతో కడుపులోకి దిగాకే ఒంటికి పడతాయి. రైజాట్రిప్టాన్ సంగతే చూడండి. మామూలు మాత్ర మింగితే రక్తంలో మందు గరిష్ఠ స్థాయికి చేరడానికి గంట నుంచి గంటన్నర పడుతుంది. నాలుక మీద కరిగే మాత్రకు అంతకన్నా ఆలస్యమే, 1.6 నుంచి 2.5 గంటలు. తలనొప్పి మొదట్లోనే వేసుకోవాలని డాక్టర్లు చెప్పేది ఇందుకు కూడా. ఈ రూపం వల్ల కలిసొచ్చేది వేగం కాదు, నీళ్లు అక్కరలేకపోవడం. గుక్కెడు నీళ్లు తాగినా వాంతయ్యే పిల్లకూ, బస్సులో ఉన్నవాడికీ, మింగడం కష్టమైన పెద్దవాళ్లకూ అది పెద్ద సౌకర్యమే.

వేసుకోవడం తేలికే, ఒక్క తేమ విషయంలోనే జాగ్రత్త కావాలి. నోటి తడికే విడిపోయేలా చేసిన మాత్ర వేలి తడికీ, వానాకాలపు గాలికీ లొంగిపోతుంది. అందుకని వారానికి సరిపడా మాత్రలు డబ్బా గదుల్లో సర్దిపెట్టుకునే అలవాటున్నవారు వీటిని మాత్రం స్ట్రిప్పులోనే ఉంచాలి. కొన్ని రకాలు అదిమితే పిండయ్యేంత పెళుసు. వాటి రేకును వెనక నుంచి నొక్కకుండా అంచు పట్టి ఒలవాలి. పొడి చేత్తో తీసి నాలుక పైన పెట్టి నోరు మూసుకుంటే చాలా వరకు అర నిమిషంలో విడిపోతుంది. ఉమ్మి మింగేయాలి. తర్వాత కావాలంటే నీళ్లు తాగవచ్చు. వయసు పైబడి నోరు ఎండిపోయేవారికి మాత్ర నాలుక మీద సుద్దముక్కలా అలాగే ఉండిపోతుంది. వాళ్లు ముందుగా ఒక గుక్క నీళ్లతో నోరు తడుపుకోవాలి. వాంతి అయిన వెంటనే పిల్లకు ఆన్‌డాన్‌సెట్రాన్ పెడితే మరో వాంతితో బయటికి వచ్చేస్తుంది, పది నిమిషాలు ఆగి నోరు తుడిచి పెట్టడం మేలు. పొరపాటున నీళ్లతో మింగేసినా సాధారణంగా మందు వృథా కాదు, చేరాల్సింది కడుపులోకే కదా.

నాలుక పైనా, కిందా అన్నది మాత్రం చిన్న తేడా కాదు. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే ఐసోసార్బైడ్ డైనైట్రేట్ మాత్ర నోటి పొర గుండానే రక్తంలోకి వెళ్లాలి. దాన్ని నాలుక పైన పెట్టుకుని ఉమ్మితో పాటు మింగేస్తే, కడుపు, కాలేయం దాటి వచ్చేసరికి అసలైన నిమిషాలు గడిచిపోతాయి. ఒకే ఇంట్లో తాతగారికి ఇదీ, నాయనమ్మకు ఎండీ మాత్రా ఉంటే రెండింటి పెట్టెల మీద "కింద", "పైన" అని స్కెచ్ పెన్నుతో తెలుగులో రాసి ఇస్తుంటాను.

నమిలే మాత్రలకు ఇంత కథ లేదు. పేరులోనే పద్ధతి ఉంది, కానీ పెద్దలూ పిల్లలూ వాటిని మింగేస్తుంటారు. ఆమ్లం తగ్గించే మాత్రను నమలకుండా మింగితే ముద్ద ముద్దగా దిగి, ఛాతీలో మంట తగ్గడానికి ఆలస్యమవుతుంది. పిల్లల విషయంలో భయం గొంతుకు అడ్డం పడటం గురించే. నులిపురుగుల నివారణ దినాలైన ఫిబ్రవరి 10, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఇస్తారు. రెండేళ్లు దాటినవారికి పూర్తి మాత్ర, ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు అర మాత్ర. పెద్ద పిల్లలు నమిలి మింగుతారు. నమలడం రాని చిన్నవాళ్లకు రెండు చెంచాల నడుమ మాత్రను పెట్టి, పై చెంచాతో అదిమి మెత్తగా పొడి చేసి, నీళ్లతో కలిపి పట్టాలి. ఏడుస్తున్న, నవ్వుతున్న, పరుగెత్తుతున్న పిల్లవాడి నోట్లో మాత్ర పెట్టకూడదు. ఆ తీపి చూసి చాక్లెట్ అని బుజ్జగించే అలవాటు కూడా నాకు నచ్చదు. ఆ మాట నమ్మిన పిల్ల మరునాడు స్టూలు వేసుకుని అలమర వెతుకుతుంది.

ఇదంతా చదివి ఇంట్లో ఉన్న ఏ మాత్రనైనా చెంచాలో వేయవచ్చనుకుంటే కొత్త ప్రమాదం. పేరు చివర ఎస్ఆర్, ఈఆర్, సీఆర్, ఎక్స్‌ఎల్ అని ఉంటే అది గంటల తరబడి మెల్లగా మందు వదిలే మాత్ర. నలిపితే రోజు డోసు ఒక్కసారే ఒంట్లో పడుతుంది. కడుపులోని ఆమ్లాన్ని తట్టుకునే పూత ఉన్న మాత్రను నలిపితే ఆ పూత ఉండీ ప్రయోజనం లేదు. ఈ పేర్లన్నిటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఓడీ. అది రోజుకు ఒకసారి అన్న అర్థంలో వాడేది, చాలాసార్లు మెల్లగా వదిలే మాత్ర మీదే ఉంటుంది. ఓడీటీకి దానికీ తేడా ఒక్క అక్షరం. చీటీ మీది రాత కుదురుగా లేనప్పుడు నేను స్ట్రిప్ తిప్పి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పూర్తి పేరు చదివి గానీ ఇవ్వను. మీరూ ఒకసారి అడగండి, "దీన్ని నీళ్లలో వేయవచ్చా, నమలవచ్చా, అలాగే మింగాలా?" అని.

ఆ పాలసీసా తల్లి తర్వాత వారం మళ్లీ వచ్చింది. డాక్టరు మందు మార్చలేదట, అదే మాత్రను చెంచాలో ఇమ్మన్నారట. ఈసారి ఆవిడ అడిగింది మందు కాదు, ఒక సిరంజి, సూది లేనిది.